గిఫ్ట్ డీడ్‌లో ఆ ఒక్క షరతు రాయండి: దస్తావేజు లేఖరులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని దస్తావేజు లేఖరులకు నమస్కారం.

నేను రెవెన్యూ డివిజనల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చివరి ఆరేళ్లు నా టేబుల్ మీదకు ఎక్కువగా వచ్చినవి తల్లిదండ్రులు తమ పిల్లల మీద ఇచ్చిన అర్జీలు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఏర్పడిన ట్రిబ్యునల్‌కు ఆర్డీవోగారే అధ్యక్షులు కాబట్టి ఆ ఫైళ్లన్నీ మా ఆఫీసులోనే నడిచేవి. అర్జీ తెల్లకాగితం మీద ఉంటుంది. దాని వెనక పిన్ చేసిన ఆధార్ కాపీ, మందుల చీటీలు, చాలాసార్లు ఒక గిఫ్ట్ సెటిల్‌మెంట్ డీడ్ జిరాక్స్. ఆ డీడ్ రాసింది మీలో ఒకరు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

ఒక తల్లి ఫైలు గురించి చెప్తాను. ఊరూ పేరూ వద్దు.

భర్త పోయాక ఆమె పేరు మీద ఒక ఇల్లు మిగిలింది. 167 గజాల స్థలం, ముందు ఒక పోర్షన్, వెనక ఒక పోర్షన్. వెనక తను ఉండేది, ముందుది అద్దెకిచ్చేది. పింఛను లేదు, ఆ అద్దే ఆధారం. 2018లో, ఆమెకు 68 ఏళ్లప్పుడు, కొడుకు ఇల్లు తన పేరు మీద ఉంటే బ్యాంకు లోన్ తెచ్చి పైన మేడ వేస్తానన్నాడు. ఎలాగూ వాడిదే కదా అనుకుని ఆమె ఒప్పుకుంది. కూతురు కూడా అడ్డు చెప్పలేదు. కారులో తీసుకెళ్లింది కొడుకు, రైటర్‌తో మాట్లాడింది కొడుకు, ఫీజు కట్టిందీ కొడుకే. ఆమె బెంచీ మీద కూర్చుంది. పిలిచినప్పుడు లోపలికెళ్లి ఫొటో దిగింది, వేలిముద్రలు వేసింది, చేతి సిరా కొంగుకు తుడుచుకుని బయటికొచ్చింది. కాగితంలో ఏముందో ఎవరూ చదివి వినిపించలేదని ఆమె ట్రిబ్యునల్ ముందు చెప్పింది.

నేను ఆ డీడ్ చదివాను. మూడు పేజీలు. "నా యందు మీకు గల భక్తిశ్రద్ధలు, మీ యందు నాకు గల ప్రేమాభిమానముల చేత" అని మొదలైంది. "ఈ దినమే మీ స్వాధీనపరచినాను, ఇకమీదట ఈ ఆస్తిపై నాకు గానీ నా వారసులకు గానీ ఎటువంటి హక్కు లేదు, మీరు దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించుకొనవలెను" అని ముగిసింది. ఆమె ఎక్కడ ఉంటుందో, ఎవరు చూసుకుంటారో ఒక్క ముక్క లేదు. మీరంతా కంఠతా రాసే భాషే అది. తప్పుడు పత్రమని నేను అనను. రిజిస్ట్రేషన్‌కు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఇచ్చిన మనిషికి కావలసింది మాత్రం లేదు.

మేడ లేచింది. ముందు పోర్షన్ అద్దె కొడుకు ఖాతాలో పడటం మొదలైంది. తర్వాత వెనక పోర్షన్ కూడా అద్దెకిచ్చి ఆమెను పైనున్న చిన్న గదిలోకి మార్చారు. మోకాళ్ల నొప్పితో మెట్లు దిగలేక ఆమె రోజంతా పైనే ఉండేది. బీపీ మందులు అయిపోతే తెచ్చేవాళ్లు లేరు. ఒకసారి కళ్లు తిరిగి పడిపోయాక కూతురు వచ్చి తన ఇంటికి తీసుకెళ్లింది. 2023 మార్చిలో కూతురి చేత రాయించుకుని మా ఆఫీసుకు వచ్చింది.

ఆమె రెండు విషయాలు అడిగింది: నెలనెలా పోషణ, ఇల్లు తిరిగి తన పేరు మీదకు. చట్టంలో ఈ రెండింటికీ వేరువేరు దారులున్నాయి. ఈ తేడా తెలియక చాలామంది నష్టపోతారు.

పోషణ దారి ఆమెకు తేలికే. సెక్షన్ 4 ప్రకారం సొంత సంపాదనతోనూ, సొంత ఆస్తితోనూ బతకలేని తల్లి లేదా తండ్రి పిల్లల నుంచి పోషణ కోరవచ్చు. కన్నవాళ్లతో పాటు దత్తత తీసుకున్నవాళ్లకూ, సవతి తల్లిదండ్రులకూ ఈ హక్కుంది. తల్లిదండ్రులకైతే 60 నిండాలన్న నియమం కూడా లేదు. పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు, మేజర్ అయినవాళ్లు ఎవరైనా. పెళ్లయిపోయిందని కూతురికి మినహాయింపు లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 కింద పెళ్లయిన కూతురిదీ బాధ్యతేనని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. కోడలు, అల్లుడు మాత్రం ఈ చట్టంలోని పిల్లల నిర్వచనంలోకి రారు.

విచారణలో కొడుకులు ఎక్కువసార్లు అనే మాట "నాకేం ఆస్తి ఇచ్చారని నేను పెట్టాలి?" అని. పిల్లల బాధ్యతకు ఆస్తితో ముడి లేదు. ఆస్తితో ముడి ఉన్నది పిల్లలు లేని వృద్ధుల బంధువుల విషయంలో. వాళ్ల ఆస్తి చేతిలో ఉన్నవాడో, రేపు వారసత్వంగా పొందబోయేవాడో పోషించాలని చట్టం అంటుంది. చిల్లిగవ్వ ఇవ్వని తండ్రి కూడా కొడుకును అడగవచ్చు. ఈ సంగతి ఆర్డీవోగారు చెప్పగానే ఎదురుగా నిలబడ్డవాళ్ల ముఖాల్లో రంగు మారడం ఎన్నోసార్లు చూశాను.

ఆ తల్లి అర్జీకి నోటీసు రెండుసార్లు తిరిగొచ్చింది, మూడోసారి ఏప్రిల్‌లో అందింది. రాజీ కోసం కన్సిలియేషన్ ఆఫీసర్‌కు పంపితే కుదరలేదు. ట్రిబ్యునల్ మధ్యంతరంగా నెలకు 4,000 ఇవ్వమంది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు, అదీ ఒక్కసారే. ఆ గడువు ఆగస్టుతో అయిపోయింది, మా దగ్గర తుది ఆర్డర్ సెప్టెంబరులో వచ్చింది. అది మా ఆఫీసు తప్పే, ఒప్పుకుంటున్నాను. నెలకు 8,000, అందులో కొడుకు 6,000, కూతురు 2,000. ట్రిబ్యునల్ ఇప్పించగల గరిష్ఠ మొత్తం నెలకు 10,000. పెద్ద జబ్బు ఉన్నవాళ్లకు ఆ పరిమితి ఎంత తక్కువో మీకూ తెలుసు. ఈ చట్టం వద్దనుకుంటే పాత 125, అంటే ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144 కింద మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లవచ్చు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి.

కొడుకు రెండు నెలలు కట్టి ఆపేశాడు. ఇక్కడ ఒక గడువు గుర్తుంచుకోవాలి. బాకీ పడిన రోజు నుంచి మూడు నెలల్లోగా మళ్లీ అర్జీ ఇస్తేనే ట్రిబ్యునల్ వారంటు ఇవ్వగలదు. కొడుకు కదా, ఇస్తాడులే అని ఆరు నెలలు ఊరుకున్నవాళ్లకు పాత నెలల బాకీ మీద ఆ దారి మూసుకుపోతుంది. ఈమె కూతురు లెక్క పెట్టుకుని రెండో నెలలోనే కాగితం ఇచ్చింది. కట్టని ప్రతి నెలకు, కట్టేదాకా గానీ నెల వరకు గానీ జైలు పడవచ్చని వారంటులో చూశాక డబ్బు వచ్చింది. ఆ తర్వాత ఆగలేదు.

ఇల్లు మాత్రం తిరిగి రాలేదు.

ఇంటికి సంబంధించింది సెక్షన్ 23. వయోవృద్ధులు, అంటే 60 దాటినవాళ్లు, చట్టం అమల్లోకి వచ్చాక తమ ఆస్తిని దానంగానో మరో రకంగానో ఇచ్చి, కనీస అవసరాలు చూసుకోవాలనే షరతు పెట్టి ఉంటే, తీసుకున్నవాడు ఆ షరతు తప్పితే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు భావించి రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. మోసం జరిగిందని తల్లి విడిగా రుజువు చేయనక్కర్లేదు. షరతు ఉంది, తప్పాడు అని చూపిస్తే చాలు. సివిల్ కోర్టులో ఏళ్ల తరబడి తిరగాల్సిన పని ఆర్డీవో ఆఫీసులో నెలల్లో అవుతుంది. ఇంత బలమైన సెక్షన్‌కు తాళంచెవి షరతు అన్న ఒక్క మాటే.

2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా వర్సెస్ రమ్తీ దేవి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. షరతు ఉందని చెప్పకుండా, రుజువు చేయకుండా సెక్షన్ 23 కింద రద్దు కుదరదు. పిల్లలకు ఆస్తి రాసిచ్చినప్పుడల్లా చూసుకోవాలన్న షరతు తనంతట తానే ఉన్నట్టు అనుకోకూడదు. మా ట్రిబ్యునల్ 2023లో ఆ తల్లి డీడ్ తిరగేస్తే షరతు ఎక్కడా కనపడలేదు. పైగా "నాకు ఎటువంటి హక్కు లేదు" అన్న మీ వాక్యం కనపడింది. కొడుకు దాన్నే వేలు పెట్టి చూపించాడు. రద్దు కోరిక కొట్టేశారు. 60 రోజుల్లో కలెక్టర్‌గారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చని నేనే ఆమెకు చెప్పాను. "కొడుకు మీద ఆఫీసుకెక్కానన్న పేరు చాలు నాయనా, ఇంక వద్దు" అంది. ఆర్డర్ కాపీ మడిచి మందుల సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో తల్లికి ఇల్లు తిరిగి ఇప్పించింది. ఆ కేసు మీరు శ్రద్ధగా చదవాలి. 2019లో ఆమె కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాసింది. దాంతో పాటే కొడుకు ఒక వాగ్దాన పత్రం రాసిచ్చాడు: తల్లిదండ్రులను జీవితాంతం చూసుకుంటాను, చూసుకోకపోతే డీడ్ రద్దు చేసుకునే స్వేచ్ఛ వాళ్లకు ఉంది అని. డీడ్‌లో షరతు స్పష్టంగా లేదని హైకోర్టు డివిజన్ బెంచి ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం, దాన్ని ఉదారంగా చదవాలి అని సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, ఫిబ్రవరి 28లోగా ఇల్లు ఆమెకు అప్పగించమంది. అవసరమైతే ఖాళీ చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. ఆ మార్చిలోనే మద్రాస్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రేమాభిమానాలతో ఇచ్చానన్న మాటలోనే చూసుకోవాలన్న షరతు ఇమిడి ఉందని చెప్పింది.

వీటిని చూసి, ఇక షరతు రాయకపోయినా కోర్టులు కాపాడతాయిలే అనుకోకండి. ఊర్మిళా దీక్షిత్‌గారు గెలిచింది ఆ వాగ్దాన పత్రం చేతిలో ఉండబట్టే. 2022 తీర్పు ఇంకా ఉంది, అవతలి లాయరు దాన్నే తెస్తాడు. గెలిచిన ఆమె కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. మీ దగ్గర నాలుగు లైన్లు ఎక్కువ టైప్ చేయించి ఉంటే ఆ ప్రయాణమంతా తప్పేది.

ఇంతకీ ఆ నాలుగు లైన్లు ఏమిటి? నాకు తోచిన పద్ధతిలో రాస్తున్నాను, మీ వాడుక భాషలోకి మార్చుకోండి:

"ఈ దిగువ షెడ్యూలు ఆస్తిని, మీరు నన్ను నా జీవితాంతం ఇదే ఇంటిలో ఉంచి, తిండి, బట్ట, వైద్యం, నా రోజువారీ అవసరాలు చూసుకొనవలెనన్న షరతుపై మీకు దానముగా ఇచ్చుచున్నాను. ఈ షరతుకు మీరు అంగీకరించి ఆస్తిని స్వీకరించినారు. మీరు ఈ షరతు తప్పినచో, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం సెక్షన్ 23 ప్రకారం ఈ దస్తావేజును రద్దు చేయించుకొనుటకు నాకు హక్కు కలదు."

ఇది రాసేటప్పుడు ఒకటి రెండు చోట్ల తప్పులు జరుగుతాయి, నేను ఫైళ్లలో చూశాను. మొదటిది, షరతు రెండో పేజీలో రాసి, మూడో పేజీలో అలవాటుగా "నాకు ఎటువంటి హక్కు లేదు" అన్న పాత వాక్యం వదిలేయడం. కంప్యూటర్‌లో పాత ఫైలు మీదే పేర్లు మార్చి కొడతారు కాబట్టి ఇది జరుగుతుంది. అప్పుడు రెండు వాక్యాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. "పై షరతుకు లోబడి" అన్న మాట అక్కడ చేర్చండి.

రెండోది ఇంకా ప్రమాదం. ఒక రైటర్ తల్లి మీద జాలితో "నాకు ఇష్టమైనప్పుడు ఈ దానాన్ని రద్దు చేసుకోవచ్చును" అని రాశాడు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 126 ప్రకారం ఇచ్చినవాళ్ల ఇష్టం మీద మాత్రమే రద్దయ్యే దానం చెల్లదు. రద్దుకు కారణం వాళ్ల మనసు కాకుండా బయట జరిగే సంఘటన కావాలి, ఇరుపక్షాలూ ముందే ఒప్పుకున్నదై ఉండాలి. చూసుకోకపోవడం అలాంటి సంఘటన. అందుకే తీసుకునేవాడి అంగీకారం డీడ్‌లోనే రాసి, అతని సంతకం కూడా తీసుకోండి.

ఆమె ఉండే గదిని కూడా విడిగా రాయండి. "కింది పోర్షన్ తూర్పు వైపు గది, దానికి ఆనుకుని ఉన్న బాత్రూము" అని షెడ్యూలులో చూపించండి. నేను చెప్పిన తల్లికి పై గది చూపించి "ఇల్లు ఇచ్చాం కదా" అన్నారు. గది పేరు కాగితంలో ఉంటే ఆ మాట అనలేరు.

షరతు డీడ్‌లోనే ఎందుకు, విడి కాగితం మీద చాలదా అని మీరు అడగవచ్చు. కొడుకు రేపు ఆ ఇల్లు అమ్మేస్తే ఏమవుతుందో చూడండి. సెక్షన్ 23లోనే రెండో భాగం ఉంది. పోషణ హక్కు ఉన్న ఆస్తి చేతులు మారినా ఆ హక్కు కొత్త యజమాని మీద నిలుస్తుంది, అతనికి ఆ సంగతి తెలిసి ఉంటే గానీ, ఉచితంగా పొంది ఉంటే గానీ. డబ్బు పెట్టి, ఏమీ తెలియకుండా కొన్నవాడి మీద నిలవదు. షరతు రిజిస్టరైన డీడ్‌లో ఉంటే లింకు డాక్యుమెంటు చూసిన ఎవరికైనా అది కనపడుతుంది, నాకు తెలియదు అనడం కుదరదు. బ్యాంకు లాయరుకు కూడా కనపడుతుంది. లోను ఇవ్వడానికి వాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు. అందుకే షరతు వద్దని కొడుకులు మీ మీద ఒత్తిడి తెస్తారు, ఆ టెన్షన్ నాకు తెలుసు. ఆ అభ్యంతరం ఉన్నదున్నట్టు తల్లికి చెప్పండి. ఇల్లు ఇవ్వాలా, షరతుతో ఇవ్వాలా, లోను సంగతి తర్వాత చూద్దామనుకోవాలా అన్నది ఆమె తేల్చుకోవాలి.

ఇంకా పిల్లలు చిన్న ఉద్యోగాల్లో ఉండి, తల్లి ఇల్లు తప్ప ఆధారం లేని కుటుంబాల్లో గిఫ్ట్ డీడే అవసరమా అని కూడా ఒక మాట అడగండి. వీలునామా రాస్తే ఆస్తి ఆమె పోయాకే చేతులు మారుతుంది, బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అద్దె ఆమెకే వస్తుంది. "వీలునామా అయితే అక్క గొడవ చేస్తుంది" అని కొడుకులు అంటారు. గొడవ భయం నిజమే కావచ్చు. కానీ గిఫ్ట్ డీడ్ రిజిస్టరై, స్వాధీనం కూడా అయిపోయాక, నేను మనసు మార్చుకున్నాను అని ఆమె ఒక్కతే దాన్ని వెనక్కి తెచ్చుకోలేదన్న సంగతి కూడా అదే నోటితో ఆమెకు చెప్పాలి. 60 నిండని తండ్రులు వస్తే ఇంకొంచెం జాగ్రత్త. సెక్షన్ 23 సీనియర్ సిటిజన్ చేసిన బదిలీ గురించి మాట్లాడుతుంది. 58 ఏళ్లకే రాసిచ్చిన తండ్రి తర్వాత ట్రిబ్యునల్‌కు వస్తే అవతలివాళ్లు మొదట పట్టుకునేది ఆ రెండేళ్లనే.

చివరగా అడిగేది. డీడ్ తయారయ్యాక కొడుకును కాసేపు బయట కూర్చోమని చెప్పి, తల్లిని లోపలికి పిలిచి, మొత్తం చదివి వినిపించండి. మీ గ్రాంథికం ఆపి, మామూలు మాటల్లో రెండు ప్రశ్నలు అడగండి: "అమ్మా, దీని మీద వేలిముద్ర వేశాక ఈ ఇల్లు మీది కాదు, తెలుసా? రేపు మీరు ఏ గదిలో పడుకుంటారు?" రెండో ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు డీడ్‌లో లేకపోతే, ప్రింటు తీసిన కాగితం పక్కన పెట్టి మళ్లీ టైప్ చేయించండి.

ఇట్లు,
రెవెన్యూ డివిజనల్ ఆఫీసులో మెయింటెనెన్స్ ట్రిబ్యునల్ ఫైళ్లు చూసి రిటైరైన ఒక ఉద్యోగి